వాయిదా ఆమెది, దస్తావేజు ఆయనది

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే ఇల్లు కొనేటప్పుడు జరిగే తంతు మనకు తెలిసిందే. ఆమె జీతం కూడా చూపితేనే బ్యాంకు అంత అప్పిస్తుంది కనుక కాగితాల మీద ఇద్దరి సంతకాలూ ఉంటాయి. రిజిస్ట్రేషన్ మాత్రం ఆయన పేరన. "ఎవరి పేరనుంటే ఏం, ఇల్లు మనదేగా!" అంటారు. ఆదాయపు పన్ను చట్టం మాత్రం అలా అనదు. అప్పు వడ్డీని ఆదాయంలోంచి తగ్గించుకునే హక్కు ఇంటి యజమానికే ఉంది, వాయిదా కట్టిన మనిషికి కాదు.

రాజమండ్రిలో ఇల్లు కొన్న ఇద్దరు టీచర్లను ఊహించుకుందాం. ఏడాదికి వడ్డీ 3,20,000 రూపాయలు, చెరిసగం కడుతున్నారు. పాత పన్ను విధానంలో, సొంతంగా ఉంటున్న ఇంటికి ఒక్కో యజమాని 2,00,000 వరకే తగ్గించుకోవచ్చు. దస్తావేజు ఇద్దరి పేరన సగం సగం ఉంటే చెరొక 1,60,000 తగ్గుతుంది, ఒక్క రూపాయీ పోదు. ఆయన ఒక్కడి పేరనే ఉంటే ఆమె కట్టిన 1,60,000కు ఆమెకేమీ రాదు. ఆమె 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి ఏటా 33,280 రూపాయలు అదనపు పన్ను. ఇల్లూ లేదు, రాయితీ లేదు!

అదే ఇంటిని నెలకు పదివేలకు అద్దెకిచ్చారనుకుందాం. ఏడాది అద్దె 1,20,000లో ఇంటి పన్ను 10,000 పోగా మిగిలినదాంట్లో 30 శాతం తీసేస్తే 77,000. అద్దె ఇంటి వడ్డీకి పరిమితి లేదు కనుక మొత్తం వడ్డీ తీసేస్తే నష్టం 2,43,000. అయితే 2017 బడ్జెట్ తెచ్చిన నిబంధన ప్రకారం ఈ నష్టాన్ని జీతంలోంచి ఒకరు ఏడాదికి 2,00,000కు మించి తీసివేయలేరు. ఒక్కరే యజమాని, వడ్డీ అంతా ఆ ఒక్కరే కడితే 43,000 మిగిలిపోతుంది. దాన్ని ఎనిమిదేళ్లు ముందుకు తీసుకుపోవచ్చు గానీ ఇంటి ఆదాయంలోంచే తీయాలి. వడ్డీ అద్దెను మింగేస్తున్నన్నాళ్లూ ఆ ఆదాయమెక్కడిది? ఇద్దరూ యజమానులైతే చెరొక 1,21,500, మొత్తం సర్దుబాటవుతుంది.

కొత్త విధానం ఇంకా వింత. 2023-24 నుంచి, అడగకపోతే అందరికీ వర్తించేది అదే. అందులో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి ఏమీ లేదు. అద్దెకిచ్చినవారు మాత్రం అద్దె మేరకు వడ్డీ తీసుకోవచ్చు, నష్టాన్ని జీతానికి తేలేరు. తలదాచుకునే ఇంటికి సున్నా, సంపాదించే ఇంటికి రాయితీ! ఇదేం న్యాయం? పన్ను తగ్గేది ఏ విధానంలోనో లెక్కగట్టుకుని, పాతదే మేలైతే ఆ సంగతి ఆఫీసులో రాసివ్వాలి.

"తర్వాత నీ పేరన రాస్తాలే" అన్న మాటనూ నమ్మొద్దు. భర్త భార్యకు ఉచితంగా రాసిచ్చిన ఇంటికి పన్ను లెక్కలో యజమాని ఆయనే. ఆస్తిపై హక్కు వస్తుంది, రాయితీ రాదు. అందుకే కొనే రోజునే, దస్తావేజులోనే, మన వాటా ఎంతో అంకెతో రాయించుకోవాలి. ఆ వాటా రాయని ఇంటి అప్పుకు మనం సంతకం ఎందుకు చేయాలి?