ధర్మం అంటే మతమేనా? గడి నింపే ముందు ఒకసారి ఆలోచిద్దాం



మన తండాలకు, గూడేలకు ఒకరొచ్చి "మీరంతా మా ధర్మంలోని వాళ్లే" అంటారు. ఇంకొకరొచ్చి "చర్చికి పోయేవాళ్లు తాతల ధర్మం వదిలేశారు, వాళ్లకు ఎస్టీ ఎందుకు" అంటారు. ఇద్దరూ ధర్మం అన్నమాటను మతం అనే అర్థంలోనే వాడుతున్నారు. పాత సంస్కృత గ్రంథాల్లో ఆ మాటకున్న అసలు అర్థం అది కాదని మేం అంటున్నాం.

సంస్కృతం దాకా పోకముందు మన పల్నాడు రోడ్డు మీదే చూడండి. మిరపకాయల లారీ ధర్మకాటా ఎక్కుతుంది. అక్కడ మతాన్ని ఎవరూ తూచరు, తూకం న్యాయంగా ఉంటుందని ఆ పేరు. ధర్మాసుపత్రి అంటే డబ్బు తీసుకోనిది. "ధర్మం చెయ్యండి" అంటే దానం చెయ్యమని. ఈ మాటల్లో ధర్మం తీసేసి మతం పెట్టి చూడండి, ఒక్కటీ నిలవదు. ఇక మతం అన్నది కూడా సంస్కృతం మాటే. దాని మొదటి అర్థం అభిప్రాయం. సమ్మతం, అభిమతం అనే మాటల్లో ఆ అర్థమే ఇంకా బతికుంది.

ధర్మానికి మూలం "ధృ" అనే ధాతువు. అంటే నిలబెట్టడం, పట్టి ఉంచడం. తర్వాత వచ్చిన శాస్త్రాల్లో అది ఎవరు ఏం చెయ్యాలో చెప్పే కట్టడి అయింది. అందుకే దాని ముందు తరచూ "ఎవరిది" అనే మాట వస్తుంది: రాజధర్మం, కులధర్మం, దేశధర్మం. తగువు తీర్చేటప్పుడు రాజు ఆయా జాతుల, ప్రాంతాల, వృత్తి సంఘాల, కుటుంబాల ధర్మాలను విచారించాలని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. ధర్మం అంటే మతమే అయితే ఇంటికో మతం ఉండాలి కదా!

మనకు బాగా దగ్గరైన ఉదాహరణ మహాభారతం శాంతిపర్వంలో ఉంది. మాంధాత అనే రాజు ఇంద్రుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు: నా రాజ్యంలో యవనులు, కిరాతులు, శబరులు, ఆంధ్రులు, పుళిందులు ఉన్నారు, దస్యుల్లా బతికేవాళ్లు ఉన్నారు, వీళ్లు ఏ ధర్మం పాటించాలి? శబరులు, ఆంధ్రులు ఇద్దరూ ఒకే జాబితాలో ఉన్నారు, గమనించండి. జవాబులో వాళ్లు ఏ దేవుణ్ణి కొలుస్తున్నారన్న ప్రశ్నే రాదు. తల్లిదండ్రులకు సేవ చెయ్యాలి, పెద్దల మాట వినాలి, బావులు తవ్వించాలి, చలివేంద్రాలు పెట్టాలి, హింస, కోపం మానాలి, నిజం చెప్పాలి, భార్యాబిడ్డల్ని పోషించాలి. ఇదంతా నడతకు సంబంధించిందే.

అయితే దీన్ని చూసి మురిసిపోవద్దు. అదే జాబితాలో బ్రాహ్మణులకు దానాలు, వేదకర్మలు, యజ్ఞాలకు దక్షిణలు కూడా ఉన్నాయి. మనలాంటి వాళ్లను దస్యులు, మ్లేచ్ఛులు అని పిలిచి, ఎలా బతకాలో పైనుంచి చెప్పారు. ఆ ధర్మంలో మంచి నడత ఉంది, మనుషుల్ని ఎక్కువ తక్కువ చేసే కట్టడీ ఉంది. రెండూ చదవాలి.

మరి ఈ మాట మతంగా ఎలా మారింది? ఇంగ్లీషు వాళ్లు వచ్చాక "రిలీజియన్"కు ఒక దేశీ మాట కావాల్సి వచ్చింది. బెంగాలీలో సెరాంపూర్ మిషనరీలు బైబిల్‌కు ధర్మపుస్తకం అని పేరు పెట్టారు. హిందీలోనూ ఆ అర్థమే స్థిరపడింది. అందుకే జార్ఖండ్ ఆదివాసీలు జనగణనలో తమకు వేరే గడి కావాలని అడిగితే అది "సర్నా ధర్మ కోడ్" అయింది. 2020 నవంబర్ 11న ఆ రాష్ట్ర అసెంబ్లీ దానికోసం తీర్మానం చేసింది. వాళ్లు అడిగింది మతం గడి. తెలుగులో దాన్ని "ధర్మం" అని చదివితే గందరగోళం తప్పదు.

ఈ తేడా మనకెందుకంటే, జనగణన ఫారం అడిగేది మతం. 2011లో దేశంలో 79 లక్షల మందికి పైగా "ఇతర మతాలు" కింద లెక్కకొచ్చారు, వాళ్లలో 49 లక్షల మందికి పైగా సర్నా అని చెప్పినవాళ్లే. మనం ఏం చెబితే అదే రాయాలి. సేవాలాల్‌ను కొలిచేవాళ్లైనా, లింగమయ్యకు మొక్కే చెంచులైనా, చర్చికి వెళ్లేవాళ్లైనా నమ్మింది నమ్మినట్టు చెప్పొచ్చు. దానివల్ల ఎస్టీ హోదా పోదు. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులో మతం షరతు ఉంది, ఎస్టీ ఉత్తర్వులో లేదు.

ఇక ధర్మం సంగతి వేరు. మన మాటల్లో దానికి దగ్గరగా ఉండేది "కట్టుబాటు". పట్టి ఉంచేది అనే అర్థం రెండిట్లోనూ ఉంది. తండాలో నాయక్ ముందు తగువు తీర్చే పద్ధతి, అడవిలో తేనె తీసేటప్పుడు కొంత వదిలిపెట్టడం, ఇవన్నీ అదే. గుడికి పోయినా, చర్చికి పోయినా, ఎక్కడికీ పోకపోయినా ఈ కట్టుబాటు మనతోనే ఉంటుంది. కాబట్టి "నీ ధర్మం ఏది" అని ఎవరైనా అడిగితే, "మతం అడుగుతున్నారా, నడత అడుగుతున్నారా" అని ముందు తేల్చుకుని అప్పుడు జవాబు చెబుదాం.