అటు అంటే అట్టు కాదు: పిల్లల పద్యాల పుస్తకం గురించి మా మాట

పోయిన ఆదివారం మీటింగులో మాట్లాడడానికి టైము చాలలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగే, కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

వార్షికోత్సవంలో పద్యాలు చదివే పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి రాదు. కాబట్టి పుస్తకం తమిళ లిపిలో అచ్చు వేద్దామని కమిటీలో మాట వచ్చింది. ఉద్దేశం మంచిదే. మేమూ తమిళ బడిలో చదువుకున్నవాళ్ళమే. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరిన తర్వాత. ఆ పిల్లల కష్టం మాకు తెలియనిది కాదు. అయినా ఆ పుస్తకం ఇప్పుడున్న తీరులో వద్దని మా అభిప్రాయం. ఎందుకో చెప్తాం.

నమూనా కాగితం ఒకటి ఇంటికి తెచ్చి మనవడి చేత చదివించాం. అందులో "ఇటు", "అటు" అన్న మాటలున్నాయి. వాడు "ఇట్టు, అట్టు" అని చదివాడు. పక్కన కూర్చున్న వాళ్ళ అవ్వ నవ్వి, "ఎన్ని అట్లురా పోసేది?" అంది. వాడి తప్పేమీ లేదు. కాగితంలో ఉన్నదే చదివాడు.

తమిళ లిపిలో ట, డ రెండింటికీ ఒకే అక్షరం. రెండు అచ్చుల మధ్య అది ఒంటిగా వస్తే మెత్తగా, డ లాగా పలుకుతాం. జంటగా వస్తే గట్టిగా, ట్ట అని పలుకుతాం. అంటే తమిళం చదివిన నోటికి గట్టిదనమూ జంటదనమూ కలిసే వస్తాయి. తెలుగులో అవి వేరు వేరు. గట్టిగా ఉండి ఒంటిగా ఉండేది "అటు". గట్టిగా ఉండి జంటగా ఉండేది "అట్టు". మెత్తగా ఉండి జంటగా ఉండేది "అడ్డు". కాగితం రాసినవారు అటును ఒంటి అక్షరంతో రాస్తే పిల్లవాడు "అడు" అంటాడని భయపడి, జంట అక్షరం వేశారు. ఆ ఒక్క పనితో శబ్దం నిలిచింది, కాలం పోయింది.

ఈ కాలం అన్నదే అసలు సంగతి. బడిలో మాకు కురిల్, నెడిల్ నేర్పారు. మాత్ర అంటే కన్ను మూసి తెరిచేంత సేపు, లేదా చిటిక వేసేంత సేపు. పొట్టి అచ్చుకు ఒక మాత్ర, పొడుగు అచ్చుకు రెండు, ఒట్టి హల్లుకు అర. ఆ లెక్కతోనే చాలా ఏళ్ళు తెలుగు పద్యాలను కొలవబోయి మేము దెబ్బతిన్నాం. మూడు మాటలు తీసుకోండి. గళ్ళ నోటుబుక్కులో ఒక గడి. బండి చక్రాలు పోయి పోయి పడిన గాడి. ఆవు తినే గడ్డి. బడి లెక్క ప్రకారం గడి రెండు మాత్రలు, గాడి మూడు, గడ్డి రెండున్నర. కాని తెలుగు ఛందస్సులో గడ్డికి కూడా మూడే. గాడి ఎంతో గడ్డి అంత.

ఈ అర మాత్ర తేడా ఎక్కడిది? బడి లెక్కలో ఒక్కో అక్షరానికి ఇంత అని వేసి కూడుతున్నాం. సంత కెళ్ళి సామాను కూడినట్టు. ఛందస్సు అలా కూడదు. మాట ఎలా విరుగుతుందో చూసి, ఒక్కో ముక్క బరువు చూస్తుంది. గడ్డిని విరిస్తే గడ్–డి. మొదటి ముక్కలో అచ్చు పొట్టిదే. కాని దాని వెనక తలుపు మూసినట్టు హల్లు అడ్డుపడింది. కాబట్టి ఆ ముక్క గురువు, రెండు మాత్రలు. "డి" లఘువు, ఒక మాత్ర. గాడిలో "గా" అచ్చు పొడుగుదనం వల్ల గురువు. కారణాలు వేరు, బరువు ఒకటే. ఇంకో మాట గమనించండి. ఒత్తు కింద రాసేది రెండో అక్షరానికి. బరువు పడేది మొదటి అక్షరం మీద. అందుకే అక్షరాలను వరసగా చూసుకుంటూ పోతే ఈ బరువు కంటికి కనబడదు.

"అయితే దీర్ఘం అంటే రెండు పొట్టి అచ్చులు, ద్విత్వం అంటే రెండు హల్లులు, అంతేగా?" అని ఒక మిత్రుడు అడిగారు. వాట్సాప్‌లో gaadi, gaddi అని రెండేసి అక్షరాలు కొట్టే మన పిల్లలు కూడా అలాగే అనుకుంటారు. అంతే కాదు. అద్దం ముందు నిలబడి "అమ్మ" అనండి. పెదవులు ఒక్కసారి మూసుకుంటాయి, కాసేపు మూసే ఉంటాయి, ఒక్కసారి తెరుచుకుంటాయి. రెండు మ లు పలికితే రెండుసార్లు మూయాలి కదా? మూయడం ఒకటే, నిలపడం ఎక్కువ. అచ్చుల్లోనూ అంతే. "మా అమ్మ" అన్నప్పుడు నిజంగానే రెండు అచ్చులు పక్కపక్కన పడ్డాయి. తెలుగు నోరు దాన్ని ఓర్వలేక మధ్యలో య పెట్టి "మాయమ్మ" అంటుంది. "పాలు"లో రెండు అ లు ఉన్నాయంటే అక్కడా మధ్యలో ఏదో దూరాలి. దూరదు. ఎందుకంటే అక్కడ ఉన్నది ఒకే అచ్చు, ఎక్కువ సేపు నిలిచింది.

రైల్వేలో తంతి పని చూసిన మిత్రులకు ఇది ఇంకా సులువుగా చెప్పొచ్చు. అంతర్జాతీయ మోర్స్ పద్ధతిలో చుక్క ఒక వంతు సేపు, గీత మూడు వంతుల సేపు. ఒకే అక్షరంలో చుక్కకూ చుక్కకూ నడుమ ఖాళీ ఒక వంతు. రెండు చుక్కలు వేస్తే చుక్క, ఖాళీ, చుక్క కలిపి మూడు వంతులు. అది ఐ అక్షరం. ఒక గీత వేస్తే అదీ మూడు వంతులే. అది టీ అక్షరం. పట్టిన కాలం సమానం, అక్షరం వేరు. ఒకటి తెగి తెగి వచ్చింది, ఇంకొకటి తెగకుండా నిలిచింది. దీర్ఘానికీ వరసగా వచ్చే శబ్దాలకీ తేడా ఇదే. ఇంకొకటి కూడా ఉంది. ఒకరు వేగంగా కొడతారు, ఇంకొకరు నిదానంగా కొడతారు. నిదానంగా కొట్టేవారి చుక్క వేగంగా కొట్టేవారి గీత కంటే పొడుగై ఉండొచ్చు. అయినా వినేవాడు తడబడడు. గీత పొడుగు అన్నది గడియారంతో కొలిచేది కాదు, పక్కనున్న చుక్కతో పోల్చేది. మాటలో దీర్ఘం కూడా అంతే. వేగంగా మాట్లాడేవారి "పా", నిదానంగా మాట్లాడేవారి "ప" కంటే పొట్టిగా ఉండొచ్చు. అయినా పాలు పాలే, పలు పలే.

ఇప్పుడు పద్యానికి వద్దాం. వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలదులు. ఆటవెలదిలో రెండో పాదానికి ఐదు సూర్యగణాలు కావాలి. సూర్యగణం రెండు రకాలు. మూడు లఘువులు ఒకటి, గురువు తర్వాత లఘువు ఒకటి. రెండూ మూడేసి మాత్రలే. మనసు, గాడి, గడ్డి, ఈ మూడింటిలో ఏది వేసినా ఆ చోట సరిపోతుంది. అక్షరాలు ఒకచోట మూడు, ఒకచోట రెండు. బరువు మాత్రం ఒకటే.

పరీక్షకు మేమే ఒక పాదం కట్టుకున్నాం. యతి సంగతి వదిలేయండి, నడక మాత్రం చూడండి: "అటుక మీద పాత గంప కలదు." అటుక అంటే మన ఇళ్ళల్లో తమిళంలో పరణ్ అనేది. అటుక మూడు లఘువులు. మీద, పాత, గంప ఒక్కొక్కటీ గురువు–లఘువు. కలదు మళ్ళీ మూడు లఘువులు. మొత్తం పదిహేను మాత్రలు.

దీన్ని నమూనా కాగితం పద్ధతిలో, గట్టి శబ్దానికి జంట అక్షరం వేసి రాశాం. అటుక "అట్టుక్క" అయింది. అట్ రెండు, టుక్ రెండు, క ఒకటి, మొత్తం ఐదు మాత్రలు. సూర్యగణం పోయింది, మొదటి అడుగులోనే నడక విరిగింది. పాత "పాత్త" అయింది. వినడానికి బాగులేదు, కాని నడక చెడలేదు. "పా" ముందే గురువు. దాని వెనక ఇంకో హల్లు పడినా గురువు గురువే, మూడు మాత్రలు కాదు. గంపను మాములుగా రాస్తే తమిళ నోరు "కంబ" అంటుంది. శబ్దం మారింది, బరువు మారలేదు. కాబట్టి అన్ని తప్పులూ ఒకే రకం కావు. పొట్టి అచ్చు తర్వాత లేని జంట పెట్టడం, ఉన్న జంట తీయడం, దీర్ఘాన్ని కుదించడం, పొట్టిని సాగదీయడం పద్యాన్ని పడగొడతాయి. తక్కినవి ఉచ్చారణ దోషాలు, నెమ్మదిగా దిద్దుకోవచ్చు. పిల్లవాడు ఎక్కడో తడబడి, గుక్క తిప్పుకుని, రాగం సరిచేసుకుంటున్నాడంటే ముందు అక్కడ మాత్రలు లెక్కపెట్టి చూడండి.

"ఏదో ఒక తీరులో చదవనీయండి, అసలు చదవకపోవడం కంటే మేలు కదా" అన్నవారికి మా జవాబు ఇది. తమిళ లిపి వద్దని మేము అనడం లేదు. జంట అక్షరాన్ని గట్టి శబ్దానికి గుర్తుగా వాడొద్దంటున్నాం. దానికి దారి మన ఇళ్ళల్లోనే ఉంది. తమిళ లిపిలో అచ్చయిన త్యాగరాజ కృతుల పుస్తకాలు చూడండి. అక్షరం పక్కన 1, 2, 3, 4 అని చిన్న అంకెలు ఉంటాయి. ఒకటి ఉంటే గట్టిది, మూడు ఉంటే మెత్తది. అదే పద్ధతి పెడితే అటును ఒంటి అక్షరంతోనే రాసి, పక్కన 1 వేయొచ్చు. అడ్డును జంటగా రాసి 3 వేయొచ్చు. గట్టిదనానికి అంకె, నిడివికి జంట. రెండు పనులకు రెండు గుర్తులు.

ఇక పుస్తకం పంచే ముందు రెండు ఆదివారాలు పిల్లల చేత చప్పట్లతో మాటలు కొలిపించాలని కోరుతున్నాం. లఘువుకు ఒక చప్పట. గురువుకు ఒక చప్పట, ఒక వీపు, పాట క్లాసులో తాళం వేసేటప్పుడు చెయ్యి తిప్పినట్టు. మనసుకు మూడు చప్పట్లు. గాడికి చప్పట, వీపు, చప్పట. గడ్డికీ అదే. మూడూ ఒకే వేళకు ముగియాలి. ముగియకపోతే ఎక్కడ తప్పిందో పిల్లలకే తెలిసిపోతుంది.

వచ్చే మీటింగులో ఈ రెండు మార్పులూ ఓటుకు పెట్టమని కార్యదర్శిగారిని అడుగుతున్నాం. అంకెలు వేసే పని ఎవరు చేస్తారంటే, మేము చేస్తాం. ముప్పై ఏళ్ళకు పైగా అంకెలు వేసిన చెయ్యే ఇది.