చదరపు అడుగు రేటు చెప్పని లెక్క

ఇల్లు కట్టుకునేవాళ్లు మేస్త్రిని మొదట అడిగేది ‘ఎస్‌ఎఫ్‌టీకి ఎంత?’ అనే. ముగ్గురిని అడిగి, తక్కువ చెప్పినవాళ్లకు పని అప్పగిస్తారు. ఆ ముగ్గురూ చెప్పిన ధర ఒకే ఇంటికా అన్నది మాత్రం ఎవరూ చూడరు.

20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న ఇల్లు 600 చదరపు అడుగులు. దాని చుట్టూ గోడ 100 అడుగులు. 30కి 40 ఇల్లు 1,200, సరిగ్గా రెట్టింపు. గోడ మాత్రం 140 అడుగులే. పదడుగుల ఎత్తున చూస్తే చిన్న ఇంట్లో చదరపు అడుగు నేలకు 1.67 చదరపు అడుగుల బయటి గోడ పడుతుంది, పెద్ద ఇంట్లో 1.17. ఇటుక, ప్లాస్టరింగ్, రంగు ఖర్చు ఆ గోడను బట్టే ఉంటుంది. ఇల్లు సగమైందని వంటగట్టు, సంపు, సెప్టిక్ ట్యాంకు సగానికి తగ్గవు. రెండు ఇళ్లకూ ఒకే రేటంటే చిన్న ఇంటి మేస్త్రికి నష్టం, లేదా పెద్ద ఇంటి యజమానికి అదనపు భారం.

అంతస్తుల దగ్గర ఈ తేడా ఇంకా పెద్దది. పునాది, బేస్‌మెంట్ నింపడం, సెప్టిక్ ట్యాంకు అన్నీ కింది ఇంటి ఖర్చులు. పై ఇంటికి అవేవీ ఉండవు. అడుగుకు రూ.2,000 అనుకుంటే 600 అడుగుల అంతస్తుకు రూ.12 లక్షలు. రెండంతస్తులూ కడతారన్న నమ్మకంతో మేస్త్రి చెప్పే సగటు రేటు అది. యజమాని కింది అంతస్తుతో ఆపేస్తే మేస్త్రికి పునాది ఖర్చు పూర్తిగా రాదు. ఆ లోటును కమ్మీలోనో సిమెంటులోనో పూడ్చుకోవాలని చూస్తాడు. రెండేళ్ల తర్వాత అదే రేటుకు పైన కట్టిస్తే, లేని పునాదికి యజమాని డబ్బు కట్టినట్టే. నల్లరేగడి నేలలో పునాది లోతుగా వెళ్లాల్సి వస్తే ఈ లెక్క మొత్తం మళ్లీ మారుతుంది.

కొలతలోనూ గొడవే. 30కి 40 ఇంటి బయటి గోడ తొమ్మిది అంగుళాలైతే, గోడల లోపలి కొలత 28.5కి 38.5, సుమారు 1,097 అడుగులు. మేస్త్రి కొలిచేది స్లాబును. ముందువైపు మూడడుగులు బయటికి వచ్చిన స్లాబు మరో 90 అడుగులు. రూ.2,000 చొప్పున అదొక్కటే రూ.1.8 లక్షలు. మెట్లగది, పోర్టికో, పిట్టగోడ రేటులో ఉన్నాయా లేవా అన్న మాట చాలా ఒప్పందాల్లో కనిపించదు. వాదన మొదలయ్యేది స్లాబు పడ్డాకే. అప్పటికి డబ్బులో పెద్ద భాగం చేతులు మారి ఉంటుంది. ఖరీదైన తలుపులు, టైల్స్, కరెంటు పని మిగిలే ఉంటాయి. పని అక్కడే ఆగిపోతుంది.

తొలి అంచనాకు చదరపు అడుగు రేటు సరిపోతుంది, ఒప్పందానికి చాలదు. ప్లాను గీసిన ఇంజనీరు చేతే పరిమాణాల పట్టిక తయారు చేయించాలి: కాంక్రీటు ఘనపుటడుగుల్లో, కమ్మీ కిలోల్లో, ప్లాస్టరింగ్ గోడ వైశాల్యంలో. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీలకు విడిగా ధర రాయాలి. ముగ్గురు మేస్త్రులూ అదే పట్టికలో రేట్లు నింపితేనే వాళ్లను పోల్చగలం. పునాది తవ్వాక లోతు పెరిగినా, ఆ అదనపు పనికి ఎంతివ్వాలో ముందే తెలిసి ఉంటుంది.