రూఫ్‌టాప్ సోలార్: నంద్యాల, ఆళ్లగడ్డలో మామూలు ఇంటికి పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగొస్తుంది?

మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకోవాలా అని మీరు ఆలోచిస్తుంటే, వెండర్ ముందుగా చెప్పే మాట ఇలా ఉంటుంది: '3 కిలోవాట్లు పెట్టించండి, రూ.78 వేల సబ్సిడీ వస్తుంది, కరెంటు బిల్లు సున్నా అవుతుంది, నాలుగైదేళ్లలో డబ్బులు వెనక్కి వచ్చేస్తాయి.' సబ్సిడీ మాట నిజమే. బిల్లు బాగా తగ్గడమూ నిజమే. కానీ ఆ 'నాలుగైదేళ్లు' అన్నది అందరికీ వర్తించదు. ఒకే ప్యానెల్, ఒకే ఎండ. అయినా ఒక ఇంటికి నాలుగున్నరేళ్లలో తిరిగొచ్చే పెట్టుబడి, పక్కింటికి 12 ఏళ్లు పట్టొచ్చు. తేడా ఎండలో లేదు, మీ కరెంటు బిల్లులో ఉంది.

ఎండ విషయంలో నంద్యాల జిల్లాకు లోటు లేదు. గని, శకునాల ప్రాంతంలో 1,000 మెగావాట్ల సోలార్ పార్క్ వచ్చింది కూడా అందుకే. కాబట్టి ఇక్కడ అడగాల్సిన ప్రశ్న 'ఎంత కరెంటు తయారవుతుంది' అని కాదు. 'తయారైన యూనిట్ మీకు ఎన్ని రూపాయలు మిగులుస్తుంది' అని.

ముందు మీ బిల్లు తీయండి

ఏపీలో ఇళ్లకు 2022 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన శ్లాబులు ఇవి: నెలకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఇది మెట్ల పద్ధతి. 300 యూనిట్లు వాడినవారు మొత్తానికి రూ.8.75 కట్టరు. 225 దాటిన 75 యూనిట్లకే ఆ ధర పడుతుంది.

సోలార్ లెక్కకు ఇదే కీలకం. ప్యానెళ్లు తయారుచేసే యూనిట్లు మీ వాడకంలోంచి పైమెట్టు నుంచి తీసేస్తాయి. అంటే మొదట రూ.8.75 యూనిట్లు పోతాయి, తర్వాత రూ.6వి, ఆ తర్వాత రూ.4.50వి. చివరికి మిగిలేవి రూ.3, రూ.1.90 యూనిట్లు. వాటిని కూడా తుడిచేయడానికి ఇంకో కిలోవాట్ పెడితే, ఆ కిలోవాట్ ఆదా చేసేది చిల్లరే.

ఎంత కరెంటు వస్తుంది?

కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 అని అందరూ చెప్పే లెక్క. మనం కాస్త తగ్గించి 110 అనుకుందాం. కారణాలు రెండు. ఒకటి దుమ్ము. రెండోది వేడి. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. మే నెలలో గాలి వేడి 42 డిగ్రీలుంటే ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.35 నుంచి 0.4 శాతం దాకా పడిపోతుంది. అందుకే ఎండలు మండే మేలో ఉత్పత్తి కూడా అంతే పెరుగుతుందనుకుంటే పొరపాటు. వర్షాకాలంలో మబ్బుల వల్ల ఇంకా తగ్గుతుంది.

నంద్యాలలో 300 యూనిట్ల ఇల్లు

ఒక ఫ్రిజ్, వేసవిలో ఏసీ, మోటారు ఉన్న ఇల్లు అనుకోండి. ఏడాది సగటు నెలకు 300 యూనిట్లు. శ్లాబుల ప్రకారం ఎనర్జీ ఛార్జీ రూ.1,673.

ఈ ఇంటికి 2 కిలోవాట్ల సిస్టమ్ కొటేషన్ రూ.1.40 లక్షలు అనుకుందాం. పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాట్‌కు రూ.30 వేలు, 2 కిలోవాట్లకు రూ.60 వేలు కేంద్రం సబ్సిడీగా ఇస్తుంది. జేబు నుంచి పోయేది రూ.80 వేలు. నెలకు 220 యూనిట్లు తయారైతే మీరు డిస్కంకు కట్టాల్సింది 80 యూనిట్లకే, అంటే రూ.215 లోపు. నెలకు ఆదా దాదాపు రూ.1,459, ఏడాదికి రూ.17,500. పెట్టుబడి నాలుగున్నరేళ్లకు తిరిగొస్తుంది.

ఇప్పుడు వెండర్ చెప్పిన 3 కిలోవాట్లు చూద్దాం. కొటేషన్ రూ.2 లక్షలు అనుకుంటే, సబ్సిడీ రూ.78 వేలు పోను రూ.1.22 లక్షలు. నెలకు 330 యూనిట్లు వస్తాయి, 300 వాడకం మొత్తం తీరిపోతుంది. ఏడాదికి ఆదా రూ.20,000 పైచిలుకు. ఆరేళ్లకు డబ్బులు వస్తాయి. చూడ్డానికి బాగానే ఉంది కదా?

కానీ మూడో కిలోవాట్‌ను విడిగా చూడండి. దానికోసం మీరు అదనంగా పెట్టింది రూ.42 వేలు. దానివల్ల అదనంగా తగ్గింది నెలకు రూ.215, ఏడాదికి రూ.2,574. ఆ డబ్బు తిరిగి రావడానికి 16 ఏళ్లు పడుతుంది. సబ్సిడీ కూడా మొదటి రెండు కిలోవాట్లకు రూ.30 వేల చొప్పున ఉండి, మూడోదానికి రూ.18 వేలకు తగ్గుతుంది. మూడు దాటితే అదనంగా ఏమీ రాదు.

ఆళ్లగడ్డలో 150 యూనిట్ల ఇల్లు

ఏసీ లేని నలుగురు సభ్యుల ఇల్లు. నెలకు 150 యూనిట్లు, ఎనర్జీ ఛార్జీ రూ.567. ఇక్కడ 1 కిలోవాట్ కొటేషన్ రూ.75 వేలు అనుకుంటే, సబ్సిడీ పోను రూ.45 వేలు. 110 యూనిట్లు తగ్గి 40 మిగులుతాయి. ఆదా నెలకు రూ.480, ఏడాదికి రూ.5,760. పెట్టుబడి తిరిగి రావడానికి దాదాపు 8 ఏళ్లు.

ఇదే ఇంటికి 2 కిలోవాట్లు అమ్మితే? రూ.80 వేలు పెట్టి ఏడాదికి ఆదా చేసేది రూ.6,800. దాదాపు 12 ఏళ్లు. అదే రూ.80 వేలు బ్యాంకులో 6.5 శాతానికి డిపాజిట్ చేస్తే ఏటా రూ.5,200 వడ్డీ వస్తుంది, అసలు చెక్కుచెదరదు. ప్యానెళ్లు మాత్రం ఏటేటా కొద్దిగా పాతబడతాయి. అందుకే ఈ ఇంటికి 2 కిలోవాట్లు అనేది పొదుపు లెక్కలో నిలవదు. త్వరలో ఏసీ కొనబోతున్నారా, ఎలక్ట్రిక్ స్కూటర్ వస్తోందా అన్నదాన్ని బట్టి మాత్రమే ఆలోచించాలి.

వాడని యూనిట్లు గ్రిడ్‌కు పోతే డబ్బులు వస్తాయి కదా అని మీరు అడగొచ్చు. వస్తాయి, కానీ మీరు పైశ్లాబులో కట్టే రూ.8.75తో పోలిస్తే ఆ ధర చాలా తక్కువ. అందుకే మిగులు అమ్ముకుని లాభపడదామని పెద్ద సిస్టమ్ పెట్టడం తెలివైన పని కాదు.

పై లెక్కల్లో విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు ఛార్జీలు కలపలేదు. యూనిట్ల మీద పడే ఆ ఛార్జీలు కూడా తగ్గుతాయి కాబట్టి అసలు గడువు కొంచెం ముందుకు జరుగుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీ మాత్రం బిల్లులో ఉంటుంది. అందుకే 'బిల్లు సున్నా' అన్న మాట అక్షరాలా నిజం కాదు. బీసీ కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 2 కిలోవాట్లకు రూ.20 వేల అదనపు రాయితీ ప్రకటించింది. అది అందితే నంద్యాల ఇంటి పెట్టుబడి రూ.60 వేలకు తగ్గి, మూడున్నరేళ్లలోనే తిరిగొస్తుంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఉచితంగా ఏర్పాటు చేసే కార్యక్రమం వేరుగా ఉంది. కాబట్టి ఆ కుటుంబాలు సొంత డబ్బు పెట్టే ముందు డిస్కం కార్యాలయంలో అడగడం మంచిది.

లెక్క తప్పేది ఎక్కడ?

మొదటిది నీడ. మేడ మీది నీళ్ల ట్యాంకు, మెట్ల గది, పక్కింటి గోడ నీడ ఒక ప్యానెల్ మూల మీద పడినా, దానితో వరుసగా కలిపిన మిగతావాటి ఉత్పత్తి కూడా పడిపోవచ్చు. కొటేషన్ తీసుకునే ముందు ఉదయం 9కి, మధ్యాహ్నం, సాయంత్రం 4కి మేడెక్కి నీడ ఎక్కడ పడుతుందో మీరే చూసుకోండి. కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. ప్యానెళ్లు దక్షిణం వైపు, 15 డిగ్రీల వాలులో ఉంటే మన ప్రాంతానికి సరిపోతుంది.

రెండోది మీటర్. నెట్ మీటర్ బిగించక ముందే సిస్టమ్ ఆన్ చేయొద్దు. కొన్ని మామూలు మీటర్లు కరెంటు ఏ దిక్కున పోయినా వాడకం కిందే లెక్కగడతాయి. మీరు గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లకు మీరే బిల్లు కట్టాల్సి వస్తుంది. నెట్ మీటర్ వచ్చాక మొదటి బిల్లులో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఎక్స్‌పోర్ట్ అంకె మొత్తం ఉత్పత్తి కంటే తక్కువగా ఉంటుంది. అది తప్పు కాదు. పగలు ఫ్యాన్లు, ఫ్రిజ్ నేరుగా వాడుకున్నది మీటర్ దాకా రాదు. మొత్తం ఉత్పత్తి ఇన్వర్టర్ యాప్‌లో కనిపిస్తుంది.

మూడోది నిర్వహణ. 2 కిలోవాట్లు ఉంటే మబ్బులేని రోజున 8 యూనిట్ల దాకా రావాలి. వరసగా నాలుగు ఎండ రోజుల్లో 6 కూడా దాటకపోతే ముందు ప్యానెళ్లు కడిగి చూడండి. అయినా పెరగకపోతే వెండర్‌ను పిలవండి. ప్యానెళ్ల ఉత్పత్తికి సాధారణంగా 25 ఏళ్ల వారంటీ ఉంటుంది. ఇన్వర్టర్‌కు అంత ఉండదు. మధ్యలో ఒకసారి మార్చాల్సి రావొచ్చు, ఆ ఖర్చు పక్కన పెట్టుకోండి.

ఇంకో విషయం చాలామందికి పెట్టించాకే తెలుస్తుంది. బ్యాటరీ లేని ఈ సిస్టమ్ కరెంటు పోయినప్పుడు ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మీ ఇంటి నుంచి షాక్ తగలకుండా ఇన్వర్టర్‌ను అలా తయారుచేస్తారు. కోతల నుంచి తప్పించుకోవడానికే సోలార్ అనుకుంటే ఇది ఆ పని చేయదు.

మీ ఇంటికి లెక్క ఇలా వేసుకోండి

ఒక్క మే బిల్లు చూసి నిర్ణయించొద్దు. గత 12 నెలల బిల్లుల్లో యూనిట్లు కూడి 12తో భాగించండి. ఆ సగటులోంచి కిలోవాట్‌కు 110 చొప్పున తీసేసి, మిగిలిన యూనిట్లకు శ్లాబుల ప్రకారం బిల్లు ఎంతో చూడండి. పాత బిల్లుకూ దీనికీ తేడాయే మీ నెల ఆదా. దాన్ని 12తో గుణించి, సబ్సిడీ పోను మీ పెట్టుబడిని దానితో భాగిస్తే ఎన్నేళ్లో తెలుస్తుంది. ఒక కిలోవాట్‌కు, రెండింటికి, మూడింటికి విడివిడిగా వేయండి. అదనపు కిలోవాట్ విడిగా పదేళ్లలోపు తిరిగిస్తేనే దానికి ఒప్పుకోండి.

దరఖాస్తు pmsuryaghar.gov.in లో మీ కరెంటు సర్వీస్ నంబర్‌తో చేయాలి. సబ్సిడీ కావాలంటే పోర్టల్‌లో నమోదైన వెండర్ చేతనే, దేశంలో తయారైన ప్యానెళ్లతో పెట్టించాలి. సబ్సిడీ పని పూర్తయి, నెట్ మీటర్ బిగించి, తనిఖీ ముగిశాకే మీ ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా మొత్తం సొమ్ము మీరే సర్దుకోవాలి, లేదా బ్యాంకు రుణం తీసుకోవాలి. రుణం తీసుకుంటే నెల వాయిదా మీ నెల ఆదాను మించకుండా చూసుకోండి. మించితే ఆ వాయిదాలు తీరేదాకా సోలార్ మీ ఖర్చు పెంచినట్టే.