దీపం ఆర్పితే నీళ్ళు మారవు

బాచుపల్లిలో మా బోరునీళ్ళు ఎంత కఠినజలమో కెటిల్ అడుగున పేరుకునే తెల్లటి గారే చెబుతుంది. అయినా, గింజలు తానే పొడిచేసి కాఫీ దించే మెషీనులో ఫిల్టరు మార్చమని దీపం వెలిగితే, మీట నొక్కి దాన్ని ఆర్పేసే మిత్రులున్నారు. "అంతా కంపెనీల వ్యాపారమండీ!" అంటారు. దీపం నీటిని పరీక్షించదు, వాడకాన్ని లెక్కపెడుతుందంతే, నిజమే. కానీ కార్ట్రిడ్జిలోని రెజిన్ కాల్షియాన్ని పట్టుకునేది కొంతవరకే. ఆ తరువాత అది నేరుగా లోపలికి చేరి, వేడికి గారకడుతుంది. పైగా ఫిల్టరుందని నమ్మిన మెషీను గార తీయమని అడగడమూ ఆలస్యం చేస్తుంది. మా ఇంట ధార సన్నబడ్డాక గానీ నాకిది తెలిసిరాలేదు.

ఆర్వో నీళ్ళు పోస్తే చాలదా అంటారా? గార కట్టదు గానీ, ఖనిజాలు దాదాపు లేని నీటిలోకి గింజ సారం సరిగా దిగక కాఫీ చప్పబడుతుంది.

అందుకే కొత్త కార్ట్రిడ్జిని బుడగలు ఆగేదాకా నీట ముంచి, బిగించి, మొదటి అరలీటరు వేడినీళ్ళు పారబోస్తాను. దీపం ఆర్పేది ఆ తరువాతే.