లైఫ్‌టైం అంటే ఎవరి లైఫ్?

ధర్మవరంలో మా నాయనకి నాలుగు మగ్గాలున్నాయి. ఎవరికి ఎంత పట్టు, ఎంత జరీ ఇచ్చిందీ, చీర నేసి ఇచ్చాక ఎంత కూలి కట్టిందీ, ఎవరు ఎంత అడ్వాన్సు తీసుకున్నదీ అన్నీ ఒక నోట్‌బుక్కులో రాసేవాడు. నేను హిందూపురంలో ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది, ఆ లెక్కలన్నీ ఒక యాప్‌లోకి ఎక్కించాను. ‘లైఫ్‌టైం ప్రో’ అని 650 రూపాయలు ఒకేసారి కట్టాం. నెట్ లేకున్నా పనిచేసేది. నాయనకి అదే నచ్చింది.

మొన్న మార్చిలో యాప్ అప్‌డేట్ అయింది. తెరవగానే నెలకి 149 కట్టమంది. పాత లెక్కలు కనబడతాయి కానీ కొత్తవి రాయడానికి లేదు, ఫైలుగా బయటికి తీసుకోడానికీ లేదు. “దుడ్లు కట్టినాం కదప్పా, మళ్ళీ ఎందుకు అడుగుతాండాడు?” అని నాయన ఫోన్ చేశాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికెళ్ళి చూశాను. ప్లే స్టోర్‌లో ఆర్డర్ హిస్టరీ తెరిస్తే మా 650 భద్రంగా ఉంది. యాప్‌లో Restore purchases నొక్కితే మాత్రం ‘యాక్టివ్ సబ్‌స్క్రిప్షన్ లేదు’ అంది. అంటే స్టోర్ మర్చిపోలేదు, యాప్ అడగడం మానేసింది. ఆ యాప్ కోడ్ నేను చూడలేదు గానీ, ప్లే బిల్లింగ్ చదివిన వాళ్ళకి విషయం అర్థమైపోతుంది. ఒక్కసారి కొన్నవి `INAPP`, చందాలు `SUBS`. రెండూ విడివిడిగా అడగాలి. పాత కొనుగోలును గౌరవించాలంటే కావలసింది ఇంతే (ఇక్కడ `owned` మనం రాసుకునే ఫంక్షన్):

```kotlin
val lifetime = owned(ProductType.INAPP)
val monthly = owned(ProductType.SUBS)
val isPro = lifetime || monthly
```

మొదటి లైను తీసేస్తే, నిన్నటిదాకా డబ్బు కట్టినవాళ్ళంతా ఈరోజు కొత్తవాళ్ళయిపోతారు. అది పొరపాటున కూడా జరగొచ్చు అనుకుని మెయిల్ పెట్టాను. ‘మా ప్లాన్లు మారాయి’ అని జవాబొచ్చింది. అంటే పొరపాటు కాదు.

డెవలపర్ కష్టం నాకూ తెలుసు. ఆండ్రాయిడ్ ఏటా మారుతుంది, దానికి తగ్గట్టు యాప్ మారుస్తూనే ఉండాలి. 650 రూపాయలతో పదేళ్ళు చేయమంటే ఎవరివల్లా కాదు. కొత్తగా వచ్చేవాళ్ళకి చందా పెట్టుకోవచ్చు, కొత్త ఫీచర్లకి వేరే డబ్బు అడగొచ్చు. అమ్మేసిన దాన్ని వెనక్కి లాక్కోవడమే తప్పు.

ఇది నా ఒక్కడి వాదన కాదు. 2021 నవంబర్‌లో ఐప్యాడ్ నోట్స్ యాప్ నోటబిలిటీ చందాకి మారింది. ముందే కొన్నవాళ్ళకి ఒక ఏడాది గడువిచ్చి, ఆ తర్వాత వాళ్ళు కూడా కట్టాలంది. చందాకి మారేటప్పుడు, వాడేవాళ్ళు ముందే డబ్బిచ్చి కొన్న ముఖ్యమైన పనులను తీసేయకూడదని ఆపిల్ నియమాల్లోనే ఉంది. జనం దాన్ని ఎత్తిచూపి గొడవ చేస్తే, కొద్ది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. పాతవాళ్ళకి పాత ఫీచర్లు అలాగే ఉంచింది. అక్కడ నియమం ఉంది, అడిగేవాళ్ళు వేలల్లో ఉన్నారు. మా యాప్‌కి అడిగేవాడిని నేనొక్కడినే.

చివరికి లెక్కలు ఎలా దక్కాయంటే, నాయన పాత ఫోన్ దసరాకి పెనుకొండలో అత్తవాళ్ళబ్బాయికి ఇచ్చాం. అందులో ఆ యాప్ అట్లే ఉందని అమ్మకి గుర్తొచ్చింది. ‘నెట్ ఆన్ చేయొద్దురా’ అని వాడికి ఫోన్‌లో చెప్పి, హిందూపురం వెళ్ళే రైల్లో పెనుకొండలో దిగాను. పాత వెర్షనే ఉంది. దసరా దాకా లెక్కలన్నీ సీఎస్‌వీ ఫైలుగా తీసుకున్నాను. ఆ తర్వాతి ఐదు నెలలవి కొత్త ఫోన్ స్క్రీన్ చూసి చేత్తో రాసుకున్నాం. అందులో ఒక నేతగాడి అడ్వాన్సు మూడు వేలు తేడా వచ్చింది. ఆయన చెప్పిందే నిజమని తర్వాత తేలింది. లెక్క దొరక్కపోయుంటే నష్టం యాప్ వాళ్ళకి కాదు, ఆయనకి.

అందుకే ఇప్పుడు ఏ యాప్‌కైనా డబ్బు కట్టేముందు ఒకటే చూస్తాను. డేటాని ఇంకో యాప్ చదవగలిగే ఫైలుగా బయటికి ఇస్తుందా లేదా? ఇస్తే కొన్నరోజే ఒకసారి తీసి చూస్తాను, నెలకోసారి మళ్ళీ తీసి దాచుకుంటాను. స్టోర్ నుంచి యాప్ మొత్తం పోయినా ఆ ఫైలు నాదే.

మనలో చాలామంది రేపు యాప్‌లు రాసేవాళ్ళమే. పైనున్న మూడు లైన్లలో మొదటిది తీసేయమని ఎవరైనా చెబితే, దాని వెనక ఎవరి లెక్క ఉందో ఒకసారి అడగండి. నాయన మాత్రం మళ్ళీ నోట్‌బుక్కు కొన్నాడు. నలభై రూపాయలు. లైఫ్‌టైం.