వెయ్యి మాటలు వద్దు, వంద జంటలు చాలు

మన పుదూరు పిల్లల కోసం తమిళ మాట ఒకవైపు, తెలుగు మాట ఒకవైపు అచ్చువేసి వెయ్యి మాటల పుస్తకం తెద్దామని అనుకుంటున్నారు. దానికి నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

ఆ పుస్తకంలో 'ఎడు' అనే తమిళ మాటకి ఎదురుగా 'తీయి' అని ఉంటుంది. 'పరుత్తి ఎడు' అంటే పత్తి తీయి. 'ఫోటో ఎడు' అంటే ఫోటో తీయి. 'వెణ్ణెయ్ ఎడు' అంటే వెన్న తీయి. మూడుసార్లు సరిపోయేసరికి పిల్లవాడికి ధైర్యం వస్తుంది. నాలుగోసారి 'పసి ఎడుక్కుదు' అనడానికి 'ఆకలి తీస్తోంది' అంటాడు. విన్న అవ్వకి సగం 'ఆకలి తీరింది' అన్నట్టు వినబడుతుంది. అన్నం అడిగినవాడు కడుపు నిండిందని చెప్పినట్టయింది! ఆకలి తీయదు, వేస్తుంది. అలాగే 'పేర్ ఎడు' అంటే పేరు తెచ్చుకో, 'ఓయ్వు ఎడు' అంటే విశ్రాంతి తీసుకో, 'వాంది ఎడు' అంటే వాంతి చేసుకో. ఒక్క 'ఎడు'కి తెలుగులో ఐదు క్రియలు. ఇందులో ఏది ఎక్కడ రావాలో మాటల పట్టిక చెప్పదు.

వ్యాకరణమూ చెప్పదు. ఆకలి, దాహం, చలి, భయం, జాలి, సిగ్గు 'వేస్తాయి'. నిద్ర, కోపం, నవ్వు, ఏడుపు, దగ్గు 'వస్తాయి'. భయానికి ఒకటి, కోపానికి ఇంకొకటి ఎందుకంటే, తరతరాలుగా అలా కలిపి పలికారు కాబట్టి. చెవికి అలవాటైన జోడీ సహజంగా ఉంటుంది, అలవాటు లేనిది అర్థమైనా ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇలాంటి జోడీలకి 1950లలో కాలొకేషన్ అనే పేరును వాడుకలోకి తెచ్చినవాడు జె.ఆర్. ఫర్త్ అనే ఇంగ్లిష్ భాషాశాస్త్రవేత్త. మాటను దాని పక్కన ఉండే మాటలతో కలిపి తెలుసుకోవాలన్నదే ఆయన వాదన.

ఇంకొక మాట. మన ఇంటి తెలుగును పుస్తకం తెలుగుతో దిద్దేవాళ్లున్నారు. 'నీళ్లు పోసుకున్నావా' అంటే 'స్నానం చేశావా అనాలి' అంటారు. ఎందుకనాలి? రాయలసీమలో ఈనాటికీ నీళ్లు పోసుకుంటారు. 'ఎండ కొడుతోంది' అంటే, 'వెయిల్ అడిక్కుదు' నుంచి వచ్చిన తమిళం అని కొట్టిపారేస్తారు. తెలంగాణలోనూ ఎండ కొడుతుంది. తమిళాన్ని పోలినంత మాత్రాన తప్పయిపోదు. ఇలా ప్రతిదానికీ దిద్దుతూ పోతే పిల్లలు సిగ్గుపడి తమిళంలోకి దిగిపోతారు. మన ఇళ్లలో జరుగుతున్నది ఇదే.

మరి ఏం చేయాలి? జంటలు పోగుచేయాలి. నోటుబుక్కులో ఒక పుటకి ఒక వస్తువు పేరు రాయండి, క్రియ పేరు కాదు. 'పాలు' అని రాసి, దాని కింద విన్నవన్నీ పూర్తి వాక్యాలుగా రాయండి. పక్కన ఊరు, చెప్పినవారి వయసు చాలు. అవ్వ దగ్గరికి వెళ్లి 'ఉరై ఊత్తు అనడానికి తెలుగులో ఏమంటారు' అని మాత్రం అడగకండి. తమిళం చెవిలో పడగానే ఆమె నోట కూడా 'తోడు పోయడం' వచ్చేస్తుంది. 'నెయ్యి ఎలా చేస్తావవ్వా, మొదటి నుంచి చెప్పు' అనండి. పాలు పిండడం, కాచడం, తోడు వేయడం, మజ్జిగ చిలకడం, వెన్న తీయడం, నెయ్యి కాచడం అన్నీ వరుసగా వస్తాయి. ఆమె మాట్లాడుతుంటే మధ్యలో దిద్దకండి.

ఒక ఇంట్లో విన్న జంటను పెన్సిలుతో రాయండి. సంబంధం లేని ఇంకో ఇంట్లో, అడగకుండానే అదే వినబడితే పెన్నుతో రాయండి. ఒక ఇంట్లో తోడు వేసి, ఇంకో ఇంట్లో తోడు పెడితే రెండూ ఉంచండి. ఏది గొప్పదో తేల్చడం మన పని కాదు. పిల్లలకి నేర్పేటప్పుడు కూడా 'తోడు' అని విడిగా కాకుండా 'పాలకి తోడు వేశాను' అనే వాక్యంగానే నేర్పండి.

పక్కనే ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌ది తెలుగు మాట్లాడే ఇల్లే. ఆయన కరిసల్ జనం నోటి తమిళాన్ని పోగుచేసి నిఘంటువు చేశారు. ఆ నేల మీదే మాట్లాడే మన తెలుగుకి ఆ పని మనం కాక ఎవరు చేస్తారు?

కాబట్టి నా కోరిక ఇది. అచ్చు ఖర్చు ఆపండి. ఆ డబ్బులో కొంచెం పెట్టి ఇంటికొక నోటుబుక్కు కొనివ్వండి. డెబ్బై దాటిన అవ్వలున్న ఇళ్లతో మొదలుపెడదాం. పుస్తకం వచ్చే ఏడైనా వేసుకోవచ్చు, అవ్వలు అంతదాకా ఆగుతారని ఎవరు చెప్పగలరు?